పేరాలతో నిండిన కంటి శిబిరం ప్రకటనను ఒక్క పేజీ పోస్టర్‌గా మార్చడం ఎలా?

మునుగోడు_యువ

అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెడుతున్నాం. ఊరి పెద్దలు కూర్చుని ప్రకటన రాసిచ్చారు. దీన్ని ఏ3 సైజులో పోస్టర్‌గా వేయించి, చుట్టుపక్కల ఊళ్లలో బస్‌స్టేజీల దగ్గర, కిరాణా షాపుల దగ్గర, రేషన్ దుకాణాల గోడలకు అంటించాలి. ఫోన్‌లో చేసి చూశాను. మొత్తం పట్టించాలంటే అక్షరాలు చీమల్లా అయిపోతున్నాయి. దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి, ఏది ఎంత పెద్దగా ఉండాలి? తెలిసినవాళ్లు చెప్పండి. ప్రకటన ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను.

> గ్రామ ప్రజలకు మరియు చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన గ్రామ యువజన సంఘం ఆధ్వర్యంలో, గ్రామ పెద్దల మరియు దాతల సహకారంతో, హైదరాబాదుకు చెందిన కంటి ఆసుపత్రి వైద్య బృందంచే తేది 08-02-2026 ఆదివారం నాడు బస్టాండ్ ఎదురుగా గల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు ఉచిత మెగా కంటి వైద్య శిబిరం నిర్వహించబడును. ఈ శిబిరంలో 40 సంవత్సరములు పైబడిన వారికి కంటి పరీక్షలు నిర్వహించి, శుక్లములు ఉన్నట్లు గుర్తించిన వారికి ఆసుపత్రిలో ఉచితంగా శస్త్రచికిత్స చేయించబడును. వారికి రవాణా మరియు భోజన సౌకర్యం కూడా కల్పించబడును. శిబిరమునకు వచ్చువారు తమ ఆధార్ కార్డు మరియు దాని జిరాక్స్ ప్రతిని, బి.పి., షుగర్ ఉన్నవారు తాము వాడుచున్న మందులను మరియు డాక్టర్ చీటీని, పాత కళ్లద్దాలు ఉన్నచో వాటిని వెంట తీసుకొని రావలెను. పేర్ల నమోదు ఉదయం 11 గంటల వరకు మాత్రమే జరుగును. ప్రతి ఒక్కరూ తమతో ఒక సహాయకుని తీసుకొని రావలెను. ఈ కార్యక్రమమునకు పలువురు ప్రజాప్రతినిధులు, అధికారులు ముఖ్య అతిథులుగా విచ్చేయుచున్నారు. కావున ఈ అవకాశమును సద్వినియోగపరచుకొని శిబిరమును జయప్రదం చేయగలరని మనవి.

దీని కింద రెండు ఫోన్ నంబర్లు, పెద్దల పేర్లు, దాతల పేర్లు ఉన్నాయి.

హైదరాబాద్_గ్రాఫిక్స్

బ్రో, పోస్టర్ అంటే చదివేది కాదు, చూసేది. దీంట్లో ముప్పావు వంతు తీసేయండి. నీలం రంగు గ్రేడియంట్ బ్యాక్‌గ్రౌండ్, మధ్యలో పెద్ద కన్ను ఫొటో, తెల్లటి అక్షరాల్లో హెడ్డింగ్, కింద తేదీ, క్యూఆర్ కోడ్. ఆధార్ కార్డు, మందులు, కళ్లద్దాలు లాంటివన్నీ క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చే పేజీలో పెట్టండి. హెడ్డింగ్‌కు ఒక ఫాంట్, మిగతాదానికి ఇంకో ఫాంట్, అంతకు మించి వద్దు. క్లీన్‌గా ఉంటుంది.

దేవరకొండ_రైతు

మా అమ్మకు రెండు కళ్లూ మసకగా ఉన్నాయి. మాది దేవరకొండ అవతల. ఆమెను తీసుకురావచ్చా? పేరు ఎక్కడ రాయించాలి?

మునుగోడు_యువ

అన్నా, ఇది మా చుట్టుపక్కల ఊళ్ల కోసం పెడుతున్నదే కానీ, దూరం నుంచి వచ్చినవాళ్లను వద్దనరు. ఎందుకైనా మంచిది, వచ్చే ముందు సంఘం వాళ్లతో మాట్లాడితే బాగుంటుంది. నంబర్ మెసేజ్‌లో పంపిస్తాను.

గడియారం_సెంటర్_డీటీపీ

తమ్మీ, నల్లగొండలో డీటీపీ చేసుకుని బతుకుతున్నవాణ్ని, ఇలాంటి ప్రకటనలు రోజూ నా టేబుల్ మీదికి వస్తాయి. సైజులు, రంగులు తర్వాత చూద్దాం. ముందు ఒకటి గమనించు. నీ ప్రకటనలో రెండు టైములున్నాయి. 9 నుంచి 2 వరకు శిబిరం అని పైన ఉంది. పేర్ల నమోదు 11 వరకే అన్న మాట ఎక్కడో కిందికి, కళ్లద్దాల తర్వాత పోయింది. పోస్టర్ మీద 9–2 అని పెద్దగా వేశావనుకో, పొలం పని చూసుకుని 12 గంటలకు ఆటోలో దిగిన పెద్దాయన ఉత్త చేతులతో వెనక్కి పోవాల్సి వస్తుంది. 2 గంటల వరకు అన్నది డాక్టర్లకు, భోజనాలు చూసుకునే మీ వాళ్లకు కావాలి. వచ్చేవాళ్లకు కావలసింది 9 నుంచి 11. కాబట్టి పోస్టర్ మీద ఆ ఒక్క టైమే ఉండాలి, 2 అన్న అంకె అసలు కనిపించకూడదు.

పేరాను పోస్టర్‌గా మార్చడమంటే ఇదే పని. ప్రకటనను ఒక కాగితం మీద ప్రింట్ తీసి పెన్ను పట్టుకుని కూర్చో. ఒక్కో ముక్క దగ్గర ఆగి, ఇది ఎవరికి, ఎప్పుడు అవసరం అని అడుగు. బస్సు దిగి నడుచుకుంటూ పోయేవాడికి అవసరమైతే 1 వెయ్యి. ఇది మన ఇంట్లో వాళ్లకు పనికొస్తుందేమో అని ఆగినవాడికి అవసరమైతే 2. ఆదివారం పొద్దున ఇంటి నుంచి బయల్దేరేవాడికి అవసరమైతే 3. మర్యాద కోసం రాసిందైతే సున్నా చుట్టు. నీ ప్రకటనలో 1 పడేది ‘ఉచిత కంటి పరీక్షలు’ అన్నదానికే. రోజు, టైము, చోటు, 40 ఏళ్ల మాట, వీటికి 2. వెంట తెచ్చుకునేవన్నీ 3. ‘తెలియజేయునది ఏమనగా’ నుంచి ‘జయప్రదం చేయగలరు’ దాకా మిగిలినదంతా సున్నా. ‘మెగా’ కూడా సున్నానే. శిబిరం పెద్దదో చిన్నదో తెలిసి వచ్చేవాడు చేసేదేమీ లేదు.

ఆశా_అక్క_చండూరు

గ్రాఫిక్స్ తమ్ముడు చెప్పినట్టు మాటలు తగ్గించడం సరే. కానీ తెచ్చుకోవాల్సినవి క్యూఆర్‌లో పెడితే ఎవరూ చూడరు. శిబిరానికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉండదు, ఉన్నా కళ్లు కనిపించకనే కదా వస్తున్నారు. ఆ మూడు నాలుగు లైన్లు ఎందుకు తీయకూడదో చెబుతాను.

శుక్లం ఆపరేషన్‌కు రాసే ముందు బీపీ, షుగర్ చూస్తారు. ఎక్కువగా ఉంటే అవి తగ్గేదాకా ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఏం మందులు వాడుతున్నారో చీటీ లేకపోతే పెద్దవాళ్లు ‘తెల్ల గోలీ, ఎర్ర గోలీ’ అని చెబుతారు, డాక్టర్‌కు ఏమీ తెలియదు. ఇక తోడు సంగతి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు. వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా కనబడతాయి, ఎండ చూడలేరు. అట్లాంటి మనిషి ఒంటరిగా రోడ్డు దాటి బస్సు ఎక్కడం ప్రమాదం, బండి నడపడం అసలే వద్దు. మీ పెద్దలు రాసిన ప్రకటనలో ఆ మాట ఒక మూలకు ఉంది. నన్నడిగితే తెచ్చుకునేవాటిలో ‘తోడుగా ఒకరు’ అన్నదే అన్నిటికన్నా పైన ఉండాలి.

ఇంకొకటి. ‘ఉచిత ఆపరేషన్’ అని హెడ్డింగ్‌లో పెట్టకండి. ఆ రోజే ఆపరేషన్ చేసేస్తారనుకుని బట్టలు సర్దుకుని వస్తారు. అవసరమైనవాళ్లకు తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లి చేయిస్తారని చిన్నగానైనా స్పష్టంగా రాయండి.

హైదరాబాద్_గ్రాఫిక్స్

తోడు విషయం నాకు తెలియదు అక్కా, అది తప్పకుండా ఉండాల్సిందే. క్యూఆర్ వదిలేద్దాం. బ్యాక్‌గ్రౌండ్ మాత్రం నీలం ఉంటే హాస్పిటల్ ఫీల్ వస్తుంది.

గడియారం_సెంటర్_డీటీపీ

నీలం మీద తెలుపు నీ ల్యాప్‌టాప్‌లో బాగుంటుంది. వీళ్లు ఎన్ని కాపీలు వేస్తారు, ఎక్కడ వేస్తారు? ఊళ్లకు అంటించే పోస్టర్లు చాలావరకు కలర్‌లో ఒకటి తీసి, మిగతావి జిరాక్స్ మెషీన్ మీద నలుపు తెలుపులోనే కొట్టిస్తారు. నీలం గ్రేడియంట్ జిరాక్స్‌లో బూడిద రంగు మచ్చలవుతుంది, చారలు పడతాయి. ఎర్ర అక్షరాలు కూడా బూడిద రంగులోకి పోయి పక్కనున్న నల్ల అక్షరాల కన్నా వెలిసిపోయి కనబడతాయి. అంటే ముఖ్యమని ఎర్రగా వేసిందే అన్నిటికన్నా బలహీనంగా తయారవుతుంది. పైగా శుక్లం ఉన్న కంటికి దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా సరిగా తెలియదు. వాళ్లకు నలుపు, తెలుపు లాంటి గట్టి తేడా కావాలి.

నా సలహా ఏమిటంటే పసుపుపచ్చ కాగితం తీసుకుని, దాని మీద నల్ల అక్షరాలు కొట్టించు. లేత పసుపు అయితే మంచిది, ముదురు నారింజ వద్దు. గోడ మీద మిగతా కాగితాల మధ్య దూరం నుంచే తెలుస్తుంది, కలర్ ప్రింటు ఖర్చూ ఉండదు. కన్ను ఫొటో వద్దు. జిరాక్స్‌లో అది నల్ల ముద్దవుతుంది. కావాలంటే గీతలతో గీసిన కళ్లద్దాల బొమ్మ ఒకటి పెట్టుకో.

పాలమూరు_సార్

మహబూబ్‌నగర్ జిల్లాలో టీచర్‌ను. మాకు ఎదురైన సమస్య చెబుతాను, మీకు పనికొస్తుందేమో. బడి వార్షికోత్సవానికి ఫ్లెక్స్ వేయించాం. అతిథుల ఫొటోలు పై వరుస, దాతల ఫొటోలు రెండు పక్కలా, మధ్యలో స్వాగతం సుస్వాగతం. తేదీ, టైము కింద సన్నటి పట్టీలోకి పోయాయి. ఫ్లెక్స్ గేటు పక్కనే కట్టినా తల్లిదండ్రులు ఎప్పుడు, ఎన్ని గంటలకు అని పిల్లలతో అడిగించారు. ఆ తర్వాత నుంచి అతిథుల ఫ్లెక్స్ వేరు, తల్లిదండ్రులకు పంపే కాగితం వేరు చేశాం. అతిథుల ఫ్లెక్స్ సభ దగ్గర స్టేజీ వెనక కడతాం. అక్కడికి చేరుకున్నవాళ్లకు తేదీతో పనిలేదు కాబట్టి ఫొటోలు ఎన్ని పెట్టినా ఇబ్బంది లేదు. మీరు కూడా అతిథులు, దాతల సంగతి స్కూల్ దగ్గర కట్టే ఫ్లెక్స్‌కు వదిలేయండి.

వనపర్తి_ఫ్లెక్స్

సార్, చెప్పడం తేలికే. ప్రింటుకు డబ్బులిచ్చేది దాతలే. పక్క ఊరి గోడ మీద తన ఫొటో కనబడాలనే ఇచ్చేవాళ్లున్నారు. తీసేస్తే వచ్చేసారి ఎవరిని అడుగుతారు? నా దగ్గరికొచ్చే ప్రతి సంఘానికీ ఇదే టెన్షన్. ఫొటోలు పెట్టాల్సిందే, కాకపోతే కింద ఒకే వరుసలో, అందరివీ ఒకే సైజులో పెట్టండి.

పాలమూరు_సార్

మొహం ఎంత చిన్నగా వేసినా మనిషి కన్ను ముందు మొహం మీదికే పోతుంది. పది మొహాల వరుస కింద ఉన్నా తేదీ కన్నా ముందు అదే లాగుతుంది. పేర్లు పెడితే ఆ సమస్య లేదు. ఒక్క లైనులో పేర్లు వేయండి, ఫొటోలు వద్దు.

వనపర్తి_ఫ్లెక్స్

పేర్లకు ఒప్పుకునే దాతలైతే నాకూ అభ్యంతరం లేదు. మా వైపు ఒప్పుకోరు.

మునుగోడు_యువ

అందరూ చెప్పింది చూసి కొత్తగా చేశాను. హెడ్డింగ్ 60 పాయింట్లు, తేదీ 48, స్కూల్ 44, తెచ్చుకోవాల్సినవి 40. ముఖ్యమైనవాటి కింద గీత కొట్టాను, అన్నీ బోల్డ్ చేశాను. పేరాలు పోయాయి, అయినా ఏదో ఇరుగ్గానే అనిపిస్తోంది. ఎక్కడి నుంచి చదవాలో తెలియడం లేదు.

గడియారం_సెంటర్_డీటీపీ

పంపిన బొమ్మ చూశాను. 48కి 44కి తేడా నీకు తెలుసు, ఎందుకంటే నువ్వే టైప్ చేశావు. గోడ మీద చూసేవాడికి రెండూ ఒకటే. అన్నీ దగ్గర దగ్గర సైజుల్లో ఉండి, అన్నీ బోల్డ్ అయి, అన్నిటి కింద గీతలుంటే కంటికి మొదలు దొరకదు. పేరా పోయింది కానీ దాని బదులు లైన్ల గుంపు వచ్చింది.

మూడు సైజులు చాలు. ఒక్కో మెట్టు దిగినప్పుడు అక్షరం సగానికి తగ్గాలి. హెడ్డింగ్ అక్షరం రెండున్నర సెంటీమీటర్లు, రోజు టైము చోటు సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ, తెచ్చుకునేవి ఆరేడు మిల్లీమీటర్లు. ఈ కొలత పాయింట్లలో కాదు. స్కేలు పెట్టి ప్రింటు మీద ‘క’ ఎత్తు కొలువు, తలకట్టుతో సహా, కింద వత్తులు వదిలేసి. తెలుగు ఫాంట్లలో వత్తులకూ గుడులకూ చోటు వదలాలి కాబట్టి, 100 పాయింట్లు పెట్టినా అసలు అక్షరం అందులో సగం కూడా రాకపోవచ్చు. ఒక్కో ఫాంటుకు ఒక్కో రకం. బోర్డులు రాసేవాళ్ల పాత లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి అంగుళం అక్షరం. రెండున్నర సెంటీమీటర్లంటే అంగుళమే. మంచి చూపున్నవాడు పది అడుగుల నుంచి హాయిగా చదువుతాడు. మసక చూపున్నవాడు ఇంకా దగ్గరికి రావాల్సి వస్తుంది, కానీ వస్తాడు.

ఇప్పుడు చోటు పంచుకో. ఏ3 కాగితం ఎత్తు 42 సెంటీమీటర్లు. పైనా కిందా ఒకటిన్నర చొప్పున వదిలితే 39 మిగిలింది. అంచు దాకా జిరాక్స్ మెషీన్ ఎలాగూ కొట్టదు. హెడ్డింగ్‌కు పన్నెండున్నర ఇవ్వు. రోజు, టైము, చోటుకు 11. తెచ్చుకునేవాటికి 8. ఫోన్ నంబర్‌కు రెండున్నర, పేర్ల లైనుకు ఒకటిన్నర. మిగిలిన మూడున్నర ఈ గుంపుల మధ్య ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ పెట్టకు, పువ్వులూ డిజైన్ గీతలూ వద్దు. ఒక గుంపు ఎక్కడ అయిపోయిందో కంటికి చెప్పేది అదే. గుంపు లోపల లైన్ల మధ్య ఉన్న ఖాళీ కన్నా గుంపుకూ గుంపుకూ మధ్య ఉన్నది స్పష్టంగా ఎక్కువ ఉండాలి.

గీతల సంగతి. ఇంగ్లీషుకు కింద గీత కొడితే సరిపోతుంది, మనకు కొడితే అది వత్తులను నరుకుతూ పోతుంది. నీ బొమ్మలో ‘తెచ్చుకోవాల్సినవి’ దగ్గర చూడు, చ వత్తు గీతలో కలిసిపోయి ఏం వత్తో తెలియడం లేదు. అన్ని గీతలూ తీసెయ్.

మునుగోడు_యువ

అన్నా, లైన్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. ‘తెచ్చుకోవాల్సినవి’ లోని వత్తు కింది లైనులో ‘ఆధార్’ మీద పడుతోంది. యాప్‌లో లైన్ గ్యాప్ 1.0 ఉంది. పెంచితే కాగితం చాలదు.

గడియారం_సెంటర్_డీటీపీ

ఆ యాప్ ఇంగ్లీషు లెక్కతో గ్యాప్ వేస్తుంది. దాన్ని పెంచాల్సిందే. పై లైను వత్తుకూ కింది లైను గుడికీ మధ్య తెల్లటి చార కనబడేదాకా పెంచు. ‘స్కూ’, ‘స్టాం’ ఉన్న లైన్ల దగ్గర ముఖ్యంగా చూసుకో. కాగితం చాలకపోతే అక్షరం తగ్గించకు, మాట తగ్గించు. ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో’ అంటే ఒక లైను మొత్తం పోతుంది. మీ ఊళ్లో దాన్ని అందరూ హైస్కూల్ అనే అంటారు కదా, అదే వెయ్యి.

బోల్డ్ కూడా అంతే. లావు ఫాంటు హెడ్డింగ్‌కు మాత్రమే. రామభద్ర లాంటి లావు ఫాంటు రెండున్నర సెంటీమీటర్ల సైజులో గోడకు బలం ఇస్తుంది. అదే ఫాంటును ఆరు మిల్లీమీటర్లలో వేసి జిరాక్స్ కొడితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ద, ధ తేడా పోతుంది, ప, ష తేడా పోతుంది. కింది లైన్లకు మందలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ మామూలు మందంలో వాడు. నోటోలో సన్నం నుంచి లావు దాకా చాలా మందాలున్నాయి కాబట్టి, ఆ ఒక్క ఫాంటుతోనే మొత్తం పోస్టర్ చేసేసినా తప్పులేదు. బోల్డ్ లేని ఫాంటును యాప్‌లో ‘B’ నొక్కి లావు చేయకు, అది అక్షరాన్ని ఉబ్బిస్తుంది అంతే.

హైదరాబాద్_గ్రాఫిక్స్

నేను ఫొటోషాప్‌లో చేసి ఇద్దామనుకున్నాను. తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి పక్కపక్కన పడుతున్నాయి. ‘పరీక్ష’ అని రావాల్సింది ‘పరీక్‌ష’లా వస్తోంది. ఫాంట్ ప్రాబ్లమా?

గడియారం_సెంటర్_డీటీపీ

ఫాంటు కాదు. కొత్త ఫొటోషాప్ అయితే Paragraph ప్యానెల్ మెనూలో World-Ready Layout పెట్టు. కొంచెం పాతదైతే Preferences లో Type అని ఉంటుంది, అక్కడ World-Ready Layout పెట్టి, కొత్త ఫైల్ తెరిచి మళ్లీ పేస్ట్ చెయ్యి. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు Middle Eastern and South Asian. అక్షరాల మధ్య దూరం పెంచే సెట్టింగ్ జోలికి మాత్రం పోకు, తెలుగుకు అది సున్నాలోనే ఉండాలి.

ఇంకో మాట, మునుగోడు తమ్ముడికి. నాలాంటి చాలా షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. నీ ఫోన్‌లోని తెలుగును దాంట్లో పేస్ట్ చేస్తే ప్రశ్న గుర్తులో పిచ్చి గుర్తులో వస్తాయి. అప్పుడు ఆపరేటర్ మొత్తం మళ్లీ కొడతాడు. నంబర్లు తారుమారయ్యేది అక్కడే. అందుకని పేజీ నువ్వే తయారు చేసుకుని పీడీఎఫ్‌గా ఇవ్వు. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు. ఫొటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, ఏ3కి పెంచినప్పుడు అక్షరాల అంచులు మసకబారతాయి.

మునుగోడు_యువ

మళ్లీ చేశాను. ఇప్పుడు పోస్టర్ మీద ఉన్న మాటలు ఇవే, పై నుంచి కిందికి ఇదే వరుస.

> 40 ఏళ్లు దాటినవారికి
> ఉచిత
> కంటి పరీక్షలు
>
> ఆదివారం, ఫిబ్రవరి 8
> ఉదయం 9 నుంచి 11 లోపే రండి
> హైస్కూల్, బస్టాండ్ ఎదురుగా
>
> తోడుగా ఒకరిని తీసుకురండి
> ఆధార్ కార్డు, దాని జిరాక్స్
> బీపీ, షుగర్ ఉంటే మందులు, డాక్టర్ చీటీ
> పాత కళ్లద్దాలు ఉంటే అవి
> శుక్లం ఉన్నవారికి ఆపరేషన్ కూడా ఉచితం, ఏ రోజో తర్వాత చెబుతారు
>
> ఫోన్: (ఒకటే నంబర్)
> సంఘం పేరు, దాతల పేర్లు ఒక లైను

మొదట ‘08-02-2026’ అనే వేశాను. మా నాన్నకు చూపిస్తే ‘ఏ వారం?’ అని అడిగాడు. అందుకే వారం ముందుకు తెచ్చాను.

ఆశా_అక్క_చండూరు

వారం ముందు పెట్టడం చాలా మంచి పని. పోస్టర్ చదివేది ఎక్కువగా కంటి జబ్బు ఉన్న మనిషి కాదు, మనవడో కోడలో పక్కింటివాళ్లో చదివి ఇంటికెళ్లి చెబుతారు. ‘ఆదివారం పొద్దున తొమ్మిదింటికి హైస్కూల్ దగ్గర కంటి డాక్టర్లు వస్తున్నారట’ అని ఒక్క మాటలో చెప్పగలగాలి. ఇప్పుడు మీ మధ్య మూడు లైన్లు అట్లాగే ఉన్నాయి.

‘తోడుగా ఒకరిని తీసుకురండి’ తర్వాత ‘చుక్కల మందు వేస్తారు’ అని రెండు మాటలు కలపండి. ఎందుకో తెలిస్తేనే తీసుకొస్తారు.

దేవరకొండ_రైతు

నంబర్ అందింది, మాట్లాడాను, అమ్మను తీసుకురమ్మన్నారు. ఫోన్ నంబర్ మాత్రం పెద్దగా వేయండి. నాలాంటివాళ్లు వేరే ఊరి నుంచి ముందు ఫోన్ చేసే వస్తారు.

పాలమూరు_సార్

నంబర్ రోజుతో సమానంగా పెద్దగా వేస్తే, అందరూ ఫోన్ చేసి టైము అడుగుతారు. పది అంకెలు ఒక లైను నిండా పరుచుకుంటే రోజు, టైము చిన్నబోతాయి. నంబర్ కింద ఉన్నా పరవాలేదు, అంకెల మధ్య ఒక ఖాళీ వదిలి ఐదు, ఐదుగా వేయండి.

గడియారం_సెంటర్_డీటీపీ

నంబర్ సైజు మీద ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. దూరం ఊళ్లలో అంటించే కాపీలకు పెద్దగా, మీ ఊళ్లో కాపీలకు చిన్నగా వేయాలన్నా వేయొచ్చు, కానీ రెండు మాస్టర్లు చేసుకోవాలి. అంత అవసరమా కాదా మీ ఇష్టం. నేనైతే సెంటీమీటరు ఎత్తుతో కిందే ఉంచుతాను.

ఒక సవరణ. ఆపరేషన్ లైను తెచ్చుకునేవాటి గుంపులో కలిసిపోయింది. అది తెచ్చుకునేది కాదు, వాళ్లకు దొరికేది. ‘కంటి పరీక్షలు’ కిందికి తీసుకెళ్లు, సైజు మాత్రం చిన్నదే ఉంచు. తెచ్చుకునేవాటి గుంపు పైన ‘వచ్చేటప్పుడు’ అని చిన్న శీర్షిక పెడితే కింది నాలుగు లైన్లూ ఏమిటో తెలుస్తుంది. ఎడమ పక్కకు సర్దు, మధ్యకు వద్దు. లైన్లన్నీ ఒకే చోట మొదలైతే పెద్దవాళ్లు వేలు పెట్టి చదువుకోవడానికి వీలుగా ఉంటుంది. హెడ్డింగ్ మధ్యలో ఉన్నా పరవాలేదు.

ఇప్పుడు ఒక్క కాపీ, అసలు వేయించబోయే పసుపు కాగితం మీదే తీసి, కిరాణా షాపు తలుపుకు అంటించి రోడ్డు అవతలికి వెళ్లు. కళ్లు చిట్లించి చూడు. అక్షరాలు తెలియకపోయినా మూడు గుంపులు మూడు నల్లటి పట్టీల్లా విడివిడిగా కనబడాలి. రెండు కలిసిపోయి ఒకటిగా కనబడితే మధ్య ఖాళీ చాలలేదన్నట్టు. తర్వాత దగ్గరికొచ్చి, ఈ పని సంగతి తెలియని పెద్ద మనిషి ఒకరిని నిలబెట్టి ‘ఎప్పుడు పోవాలి, ఏం పట్టుకెళ్లాలి’ అని అడుగు. ‘చదువు’ అని అడగకు. చదవమంటే మర్యాదకు మొత్తం చదువుతారు, నీకు ఏమీ తెలియదు. వాళ్లు జవాబు వెతుక్కుంటూ వేలు ఎక్కడికి పోతుందో చూడు.

మునుగోడు_యువ

షాపు ముందు అంటించి చూశాను. మా మేనత్త రోజు, చోటు వెంటనే చెప్పింది. టైము దగ్గర ‘పదకొండింటికి పోవాలా?’ అంది. 11 అంకె 9 కన్నా ఎక్కువ కొడుతోంది.

గడియారం_సెంటర్_డీటీపీ

రెండంకెలది కాబట్టి, పైగా లైను చివర ఉంది కాబట్టి. ‘ఉదయం 9 గంటలకే రండి’ అని ఆ సైజులో వేసి, దాని కింద చిన్న సైజులో ‘11 తర్వాత పేర్లు రాసుకోరు’ అని వెయ్యి. రెండు అంకెలూ ఒకే లైనులో పోటీ పడవు.

ఆశా_అక్క_చండూరు

అందరూ 9కే వస్తే స్కూల్ ముందు లైను పెరిగిపోతుంది, పెద్దవాళ్లు ఎండలో నిలబడాల్సి వస్తుంది. నాకైతే ‘9 నుంచి 11’ అన్నదే మంచిదనిపిస్తోంది. కుర్చీలు, నీళ్లు, టెంటు చూసుకుంటామంటే 9 అని వేయండి.

మునుగోడు_యువ

టెంటు ఉంది అక్కా, కుర్చీలు స్కూల్‌వే. 9 గంటలకే రండి అని మార్చేస్తున్నాను. దాతల్లో ఇద్దరు పేర్లకు ఒప్పుకున్నారు, ఒకాయన ఫొటో ఉండాల్సిందే అంటున్నాడు. రాత్రి పెద్దలతో మాట్లాడతాను. స్కూల్ దగ్గర ఫ్లెక్స్‌లో ఆయనది పెద్ద ఫొటో వేస్తామని అడిగి చూస్తాను.

వనపర్తి_ఫ్లెక్స్

ఆ ఫ్లెక్స్ నమూనా పోస్టర్ కన్నా ముందే చేయించి, చేతిలో పట్టుకెళ్లి ఆయనకు చూపించు. మాట మీద ఒప్పుకోరు, ఫొటో చూస్తే ఒప్పుకుంటారు.

గడియారం_సెంటర్_డీటీపీ

చివరగా ఒకటి. జిరాక్స్‌కు ఇచ్చే ముందు మాస్టర్ కాపీ చేతిలో పట్టుకుని, నీ ఫోన్‌లో సేవ్ చేసిన నంబర్ కాకుండా, కాగితం మీద ఉన్న అంకెలు చూసి నొక్కి ఫోన్ చెయ్యి. ఫిబ్రవరి 8 ఆదివారమేనా అని క్యాలెండర్‌లో ఇంకోసారి చూడు. ఆ రెండూ సరిపోతే కొట్టించేయ్.